ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ రెగ్యులేషన్ శాతం: లాగింగ్‌లో పడేది, లీడింగ్‌లో లేచేది (తరచుగా అడిగే ప్రశ్నలు)

పాలిటెక్నిక్‌లో మెషీన్స్ ల్యాబ్ చూసుకుంటాను. ఏటా రెగ్యులేషన్ లెక్క దగ్గరికి వచ్చేసరికి పిల్లలు అడిగే ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి. ఫీల్డ్‌లో పనిచేసే పాత విద్యార్థులు ఫోన్ చేసి అడిగేవి కొన్ని వేరు. రెండూ కలిపి ఇక్కడ పెడుతున్నాను.

ప్రశ్నకో ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుంటే అంకెలు గుర్తుండవు. అందుకే చివరిదాకా ఒక్కదానితోనే నడుద్దాం. ఊళ్లలో రెండు స్తంభాల మధ్య దిమ్మె మీద కనిపించేదే: 100 కేవీఏ, 11 కేవీ / 433 వోల్టులు, త్రీఫేజ్, డెల్టా-స్టార్. టెస్ట్ రిపోర్టులో ఇంపిడెన్స్ 4.5 శాతం, ఫుల్ లోడ్ కాపర్ లాస్ 75 డిగ్రీల దగ్గర 1760 వాట్లు అని ఉందనుకుందాం. ఈ సైజు పాత ట్రాన్స్‌ఫార్మర్లలో ఇవి మామూలుగా ఉండే అంకెలే.

వోల్టేజ్ రెగ్యులేషన్ అంటే సరిగ్గా ఏ వోల్టేజీకి, ఏ వోల్టేజీకి మధ్య తేడా?

ప్రైమరీకి రేటెడ్ వోల్టేజ్ ఇచ్చి, దాన్ని కదపకుండా అలాగే ఉంచాలి. సెకండరీ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే వోల్టేజ్ E2. చెప్పిన పవర్ ఫ్యాక్టర్‌తో చెప్పినంత లోడ్ పెట్టాక అదే టెర్మినల్స్ దగ్గర వచ్చే వోల్టేజ్ V2. ఈ రెండింటి తేడా E2లో ఎంత శాతమో అదే రెగ్యులేషన్.

```
%VR = (E2 - V2) / E2 × 100
```

తేడా తీసుకునేటప్పుడు రెండు వోల్టేజీల పరిమాణాలను మామూలు అంకెల్లా తీసేయాలి. ఫేజర్లుగా తీసేస్తే వచ్చేది ఇంపిడెన్స్ డ్రాప్. అది వేరే సంగతి. చాలామంది జవాబు తప్పడానికి మొదటి కారణం ఈ తికమకే.

ఇంకో మాట. "ఈ ట్రాన్స్‌ఫార్మర్ రెగ్యులేషన్ ఎంత?" అని ఊరికే అడిగితే దానికి జవాబు లేదు. లోడ్ ఎంత, పవర్ ఫ్యాక్టర్ ఎంత, లాగింగా లీడింగా అన్న మూడూ చెప్పాకే అంకె వస్తుంది. ఇంపిడెన్స్ మాత్రం యంత్రం సొంత గుణం, అందుకే నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది. రెగ్యులేషన్ లోడుతో కలిశాక పుట్టేది, అందుకే అది నేమ్‌ప్లేట్ మీద కనిపించదు.

కొన్ని పుస్తకాల్లో కింద V2 పెట్టి భాగిస్తారు. ఏది కరెక్ట్?

రెండూ వాడుకలో ఉన్నాయి. మన దగ్గర E2తో భాగించేదే ఎక్కువ. అమెరికన్ పుస్తకాలు ఫుల్ లోడ్ వోల్టేజీతో భాగిస్తాయి. మన ఉదాహరణలో ఫుల్ లోడ్, 0.8 లాగింగ్ దగ్గర మొదటి పద్ధతికి 3.92, రెండోదానికి 4.08 వస్తుంది. ప్రశ్నలో ఏది అడిగారో చూసుకుని అది రాస్తే చాలు.

సరఫరా 415 వోల్టులంటారు, నేమ్‌ప్లేట్ మీద 433 ఎందుకు ఉంటుంది?

433 అనేది ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజ్. దాన్ని రూట్ 3తో భాగిస్తే ఫేజుకు సరిగ్గా 250 వస్తుంది. లోడ్ పడ్డాక ట్రాన్స్‌ఫార్మర్ లోపలే కొంత పోతుంది. కింద చేయబోయే లెక్కలో ఫుల్ లోడ్, 0.8 లాగింగ్ దగ్గర మనకు మిగిలేది 416, అంటే ఫేజుకు 240. వినియోగదారుడికి 415 / 240 అందాలని ముందే ఆ నాలుగు శాతం కలిపి చుట్లు చుట్టారన్నమాట. రెగ్యులేషన్ లెక్క నేమ్‌ప్లేట్ మీద ఎక్కడైనా దాక్కుని ఉందంటే అది ఈ 433లోనే.

శాతం R, శాతం X ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

షార్ట్ సర్క్యూట్ టెస్ట్ నుంచి. ఎల్‌టీ వైపు మూడు ఫేజులూ మందపాటి లింకులతో షార్ట్ చేసి, హెచ్‌టీ వైపు నుంచి వోల్టేజీని సున్నా దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం. రేటెడ్ కరెంట్ 5.25 ఆంపియర్లు వచ్చేచోట ఆపుతాం. మన ట్రాన్స్‌ఫార్మర్‌కు అది 495 వోల్టుల దగ్గర వస్తుంది. 11,000లో 495 అంటే 4.5 శాతం. అదే %Z.

ఆ సమయంలో తీసుకునే పవర్ దాదాపు అంతా కాపర్ లాస్. అంత తక్కువ వోల్టేజ్ దగ్గర కోర్ లాస్ లెక్కలోకి వచ్చేంత ఉండదు. 1760 వాట్లను లక్ష వీఏతో భాగిస్తే %R వస్తుంది.

```
%R = 1760 / 100000 × 100 = 1.76
%X = √(4.5² - 1.76²) = √17.15 = 4.14
```

ఓములు, రెఫర్ చేయడం, డెల్టాలో ఫేజ్ కరెంట్... వీటితో పని లేకుండా శాతాల్లోనే లెక్క ముగుస్తుంది. హెచ్‌టీ వైపు నుంచి చూసినా ఎల్‌టీ వైపు నుంచి చూసినా శాతం ఒక్కటే కావడం ఇందులో ఉన్న సుఖం.

షార్ట్ సర్క్యూట్ టెస్టులో రెండు వాట్‌మీటర్లు పెట్టాం. రీడింగులు కలిపితే %R మరీ ఎక్కువ వస్తోంది. ఎందుకు?

ఒక వాట్‌మీటర్ ముల్లు వెనక్కి కొట్టుకుని ఉంటుంది. మీరు దాని కాయిల్ కనెక్షన్లు తిప్పి రీడింగ్ తీసుకుని, మైనస్ పెట్టడం మరిచిపోయి ఉంటారు. మా ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌లోనూ ఒక గ్రూపైనా ఇది చేస్తుంది.

షార్ట్ సర్క్యూట్‌లో పవర్ ఫ్యాక్టర్ అంటే R / Z. మనకు 1.76 / 4.5 = 0.391. రెండు వాట్‌మీటర్ల పద్ధతిలో పవర్ ఫ్యాక్టర్ 0.5 కంటే తగ్గితే ఒకటి రివర్స్ చూపించక తప్పదు. మన ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒకటి సుమారు 2076 వాట్లు, రెండోది మైనస్ 316 చూపాలి. సరిగ్గా కలిపితే 1760. గుర్తు మరిచి కూడితే 2392.

ఈ ఒక్క తప్పుతో %R 2.39 అవుతుంది, %X 3.81కి దిగుతుంది. కింద చేయబోయే 0.8 లాగింగ్ జవాబులో ఇది పెద్దగా బయటపడదు. 3.89 రావాల్సినచోట 4.20 వస్తుంది, చూసినవారికి అనుమానం రాదు. లీడింగ్‌లో మాత్రం మైనస్ 1.08 రావాల్సింది మైనస్ 0.37 అవుతుంది, అంటే మూడో వంతు. లీడింగ్ జవాబు రెండు దగ్గరి అంకెల తేడా కాబట్టి కొలతలో చిన్న లోపమైనా అక్కడే పెద్దగా కనిపిస్తుంది.

సరే, 0.8 లాగింగ్‌లో ఫుల్ లోడ్‌కు లెక్క చేసి చూపించండి.

cosφ 0.8 అయితే sinφ 0.6. లాగింగ్‌కు మధ్యలో ప్లస్.

```
%VR = %R·cosφ + %X·sinφ
    = 1.76 × 0.8 + 4.14 × 0.6
    = 1.41 + 2.48
    = 3.89
```

433లో 3.89 శాతం అంటే 16.8 వోల్టులు. మిగిలేది 416.

ఆ రెండు భాగాలనూ విడిగా చూడండి. కాపర్ లాస్‌కు కారణమైన R వల్ల పోయింది 1.41 మాత్రమే. మిగతా 2.48 రియాక్టెన్స్ తిన్నది. పవర్ ఫ్యాక్టర్ కోణం కేవలం 37 డిగ్రీలే అయినా డ్రాపులో సింహభాగం X పట్టుకుపోయింది.

అదే 0.8 లీడింగ్ అయితే?

గుర్తు ఒక్కటే మారుతుంది.

```
%VR = %R·cosφ - %X·sinφ
    = 1.41 - 2.48
    = -1.07
```

(X ను 4.1415 దాకా ఉంచి చేస్తే మైనస్ 1.08. పైన వాట్‌మీటర్ ప్రశ్నలో ఇచ్చింది అదే.)

మైనస్ అంటే V2, E2 కన్నా ఎక్కువ. ఖాళీగా ఉన్నప్పుడు 433 ఉన్నది ఫుల్ లోడ్ కరెంట్ మోస్తూ 437 దాకా లేస్తుంది.

ఒకసారి ల్యాబ్ పరీక్షలో ఒక అబ్బాయి ఈ జవాబు సరిగ్గానే తెచ్చి, మైనస్‌ను రబ్బరుతో చెరిపేసి 1.07 అని రాశాడు. కాగితం మీద ఆ చెరిపిన మచ్చ కనిపిస్తూనే ఉంది. "ఎందుకు చెరిపావు?" అంటే "లోడ్ పెడితే వోల్టేజ్ పెరగదు కద సార్, ఎక్కడో తప్పు చేశాననుకున్నా" అన్నాడు. చదివింది కాదనుకుని చూసింది నమ్మాడు. తప్పు పట్టలేం. లీడింగ్ లోడును ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

ఇంపిడెన్స్‌లో డ్రాప్ ఉంటుంది కదా, వోల్టేజ్ ఎలా పెరుగుతుంది?

డ్రాప్ ఉంటుంది, లాగింగ్‌లో ఎంతో లీడింగ్‌లోనూ అంతే, 4.5 శాతమే. మారేది దాని దిశ.

కాగితం మీద V2ను అడ్డంగా కుడివైపుకు గీయండి. కరెంట్ లాగింగ్ అయితే దానికి కింద వాలి ఉంటుంది. ఇండక్టివ్ డ్రాప్ IX ఎప్పుడూ కరెంట్ కంటే 90 డిగ్రీలు ముందుంటుంది. కరెంట్ కిందికి వాలింది కాబట్టి IX నిటారుగా కాకుండా కుడివైపుకు వంగుతుంది. V2 కొసకు దాన్ని అతికిస్తే మొత్తం పొడుగు పెరుగుతుంది. ఆ మొత్తమే E2. అంటే ఆ V2 రావాలంటే E2 పెద్దదిగా ఉండాలి.

ఇప్పుడు కరెంట్‌ను V2కు పైకి లేపండి. అది లీడింగ్. IX మళ్లీ దానికి 90 డిగ్రీలు ముందే ఉంటుంది, కాబట్టి ఈసారి ఎడమవైపుకు, అంటే వెనక్కి వంగుతుంది. V2 కొస నుంచి వెనక్కి లాగుతుంది. R వల్ల వచ్చే చిన్న ముక్క ముందుకు తోసినా X లాగినంత తోయలేదు. అందుకే E2 పొట్టిదవుతుంది. E2 మనం పట్టి ఉంచిన 433 కాబట్టి V2యే దాన్ని మించి నిలబడుతుంది.

sinφ ముందు ఉండే ప్లస్, మైనస్ ఈ కుడి, ఎడమలే. R పక్కన ఉన్న cosφ గుర్తు ఎందుకు మారదో కూడా ఈ బొమ్మలోనే ఉంది: కరెంట్ పైకి లేచినా కిందికి వాలినా దాని నీడ కుడివైపే పడుతుంది.

ఫార్ములాలో ఇంకో స్క్వేర్ టర్మ్ ఉంటుందంటారు. అది వదిలేయొచ్చా?

పైన మనం V2 దిశలో పడే ముక్కలే లెక్కపెట్టాం. దానికి లంబంగా పడే ముక్క కూడా కొద్దిగా పొడుగు పెంచుతుంది. పూర్తి రూపం ఇది. పై గుర్తులు లాగింగ్‌కు, కింది గుర్తులు లీడింగ్‌కు.

```
%VR = (%R·cosφ ± %X·sinφ) + (%X·cosφ ∓ %R·sinφ)² / 200
```

లాగింగ్‌లో బ్రాకెట్ లోపల తీసివేత, కాబట్టి చిన్నది: 3.31 - 1.06 = 2.26, దాని వర్గాన్ని 200తో భాగిస్తే 0.03 కూడా రాదు. 3.89 కాస్తా 3.92 అయింది. పట్టించుకోనక్కర్లేదు.

లీడింగ్‌లో అక్కడ కూడిక: 3.31 + 1.06 = 4.37. వర్గం 19.1, 200తో భాగిస్తే దాదాపు 0.10. మైనస్ 1.08 కాస్తా మైనస్ 0.98 అవుతుంది. వోల్టుల్లో ఇది అర వోల్టే. కానీ జవాబులో పదో వంతు. కాబట్టి నా అలవాటు ఇది: లాగింగ్‌కు చిన్న ఫార్ములా చాలు, లీడింగ్‌కు మాత్రం రెండో టర్మ్ వేయకుండా జవాబు రాయను. పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్లలో ఇంపిడెన్స్ పది శాతం దాటి ఉంటుంది కాబట్టి అక్కడ లాగింగ్‌కు కూడా వేయాల్సిందే.

రెగ్యులేషన్ సున్నా అయ్యే పవర్ ఫ్యాక్టర్ ఏది? ఎక్కువలో ఎక్కువ ఎప్పుడు?

సున్నా లీడింగ్‌లోనే సాధ్యం. R ముందుకు తోసేది, X వెనక్కి లాగేది సమానం కావాలి. tanφ = R / X = 1.76 / 4.14 = 0.425. కోణం 23 డిగ్రీలు, పవర్ ఫ్యాక్టర్ 0.92 లీడింగ్. పరీక్షలో ఈ జవాబు చాలు. రెండో టర్మ్ కూడా కలిపితే ఆ బిందువు దగ్గర ఇంకా ప్లస్ 0.1 మిగిలి ఉంటుంది. నిజమైన సున్నా 0.911 లీడింగ్ దగ్గర వస్తుంది.

గరిష్ఠం లాగింగ్‌లో, tanφ = X / R అయినప్పుడు. పవర్ ఫ్యాక్టర్ R / Z, అంటే 0.391 లాగింగ్. అప్పుడు రెగ్యులేషన్ సరిగ్గా %Zకు సమానం, 4.5. లోడ్ కోణం ట్రాన్స్‌ఫార్మర్ సొంత కోణంతో కలిసిపోవడం వల్ల డ్రాప్ అంతా ఒకే గీతలో పడుతుంది. షార్ట్ సర్క్యూట్ టెస్టులో వచ్చిన పవర్ ఫ్యాక్టర్ కూడా 0.391యే కదా. అది యాదృచ్ఛికం కాదు.

దీనివల్ల ఒక పనికొచ్చే సంగతి: ఫుల్ లోడ్‌కు మీ జవాబు %Zను దాటిందంటే ఎక్కడో తప్పింది. మళ్లీ చేయండి.

ఫుల్ లోడ్ కాకుండా సగం లోడ్ అయితే?

మొదటి భాగాన్ని 0.5తో, స్క్వేర్ భాగాన్ని 0.25తో గుణించండి. 0.8 లాగింగ్‌కు 1.95 వస్తుంది. అంతే.

మా ల్యాబ్‌లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు 0.8 లీడింగ్‌లో కూడా ప్లస్సే వచ్చింది. తప్పా?

తప్పు కాకపోవచ్చు. ఒక కేవీఏ, రెండు కేవీఏ సైజుల్లో తీగ సన్నగా ఉంటుంది, R పెద్దది. లీకేజ్ తక్కువ, X చిన్నది. ఉదాహరణకు %R 3.5, %X 1.5 అనుకోండి. 0.8 లీడింగ్‌లో 2.8 నుంచి 0.9 తీసేస్తే ప్లస్ 1.9. R / X విలువ 2.33 కాబట్టి సున్నా రావడానికే పవర్ ఫ్యాక్టర్ 0.39 లీడింగ్ దాకా దిగాలి.

సైజు పెరిగేకొద్దీ R శాతం తగ్గుతుంది, X శాతం పెరుగుతుంది. అందుకే "లీడింగ్ అంటే మైనస్" అని బట్టీ పట్టడం మంచిది కాదు. tanφ, R / X కంటే ఎక్కువైతేనే మైనస్.

ఓముల్లో చేస్తే మాకు 2.25 వచ్చింది, మీకు 3.89. ఏది తప్పు?

మీ అంకె చూడగానే తెలిసిపోతుంది, ఎందుకంటే 3.89ను 1.732తో భాగిస్తే 2.25. ఫేజ్ డ్రాపును లైన్ వోల్టేజీతో భాగించారు.

ఎల్‌టీ వైపు ఫేజుకు R 0.033 ఓములు, X 0.0777 ఓములు. కరెంట్ 133.3 ఆంపియర్లు. డ్రాప్ 133.3 × (0.033 × 0.8 + 0.0777 × 0.6) = 9.73 వోల్టులు. ఇది ఒక ఫేజులో పోయింది. కాబట్టి భాగించాల్సింది 250తో, 433తో కాదు. 9.73 / 250 అంటే 3.89 శాతం.

జవాబు మరీ విపరీతంగా, వేల శాతంలో వస్తే మాత్రం హెచ్‌టీ వైపు ఓములను ఎల్‌టీ కరెంట్‌తో గుణించారని అర్థం. అక్కడ R 21.3 ఓములు, X 50 ఓములు ఉంటాయి. వాటికి 5.25 ఆంపియర్లే జోడీ.

టెస్ట్ చేసిన రోజు వైండింగ్ వేడి ఎంతుంటే ఏంటి, పట్టించుకోవాలా?

%R విషయంలో పట్టించుకోవాలి. చల్లగా 30 డిగ్రీల దగ్గర ఉన్న రాగి వైండింగ్ మీద టెస్ట్ చేసి, దాన్ని 75 డిగ్రీలకు మార్చడానికి 310 / 265, అంటే 1.17తో గుణించాలి. అల్యూమినియం అయితే 300 / 255, 1.18. (స్ట్రే లాస్ భాగం దీనికి ఎదురు నడుస్తుంది, వేడెక్కితే తగ్గుతుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో అది కొంచెమే కాబట్టి ఇక్కడ పక్కన పెడుతున్నా.) X వేడితో మారదు.

మార్చకుండా వదిలేస్తే మన ట్రాన్స్‌ఫార్మర్ %R 1.76 బదులు 1.50 దగ్గర కనిపిస్తుంది. లాగింగ్ రెగ్యులేషన్ 3.89 బదులు 3.69 వస్తుంది. మధ్యాహ్నం ఫుల్ లోడ్‌లో ముట్టుకోలేనంత వేడిగా ఉన్న ట్యాంకుకు ఉదయం చల్లటి ట్యాంకు లెక్క చెప్పినట్టు.

కెపాసిటర్ బ్యాంక్ పెడితే రెగ్యులేషన్ ఎంత మెరుగవుతుంది? రాత్రిపూట వోల్టేజ్ ఎక్కువవుతోందంటే దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. లీడింగ్ లోడ్ అనేది నిజంగా కనబడే చోటు ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక చిన్న రైస్ మిల్లు సంగతి. సొంతానికి ఇలాంటి 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. పగలు మోటార్లన్నీ కలిపి 80 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.8 లాగింగ్. అంటే 60 కేవీఏఆర్ రియాక్టివ్ లాగుతోంది. పవర్ ఫ్యాక్టర్ పెనాల్టీ తప్పించుకోవడానికి 36 కేవీఏఆర్ కెపాసిటర్ బ్యాంక్ పెట్టించారు. పెట్టినవాళ్లు కాంటాక్టర్ ఖర్చు మిగుల్చుకుని నేరుగా బస్‌బార్‌కే బిగించి వెళ్లిపోయారు. కొన్నాళ్లకు యజమాని ఫోన్: "సార్, పగలు బానే ఉంటుంది. రాత్రి వాచ్‌మన్ గదిలో, గోడౌన్‌లో బల్బులు నెలకోసారి పోతున్నాయి."

ఇలాంటి చోట cosφ, sinφతో కన్నా వాట్లు, వార్లతో లెక్క చేస్తే విషయం తేటగా కనిపిస్తుంది. ఫార్ములా అదే, రూపం మారిందంతే. P, Q రెండూ కేవీఏ రేటింగులో ఎన్నో వంతు అన్నట్టు వేయాలి. లాగింగ్ Q ప్లస్, కెపాసిటర్ Q మైనస్.

```
%VR ≈ %R·P + %X·Q

కెపాసిటర్ లేకుండా:    1.76 × 0.80 + 4.14 × 0.60 =  3.89
పగలు, కెపాసిటర్‌తో:    1.76 × 0.80 + 4.14 × 0.24 =  2.40
రాత్రి, కెపాసిటర్ ఒక్కటే: 1.76 × 0    - 4.14 × 0.36 = -1.49
```

పగలు 3.89 కాస్తా 2.40కి దిగింది, అంటే కెపాసిటర్ 1.49 శాతం లాభం ఇచ్చింది. రాత్రి మోటార్లు ఆగాక ఆ 1.49యే మైనస్‌గా మిగిలిపోయింది. కెపాసిటర్ తన వాటా వోల్టేజీని పగలూ రాత్రీ ఒకేలా ఎత్తుతుంది. పగలు ఎత్తడానికి గొయ్యి ఉంది, రాత్రి లేదు.

నిజం చెప్పాలంటే 1.49 శాతం అంటే ఫేజుకు నాలుగు వోల్టులు కూడా కాదు. దానికే బల్బులు పోవు. కానీ రాత్రి అందరి లోడ్లూ తగ్గాక 11 కేవీ లైన్ కూడా పైకి లేస్తుంది. అక్కడ మేం చూసినప్పుడు 11.4 కేవీ ఉంది. అప్పుడు ఖాళీ సెకండరీయే 433 బదులు 449 ఇస్తుంది. దాని మీద 1.49 శాతం కలిస్తే 455. ఫేజుకు 263 వోల్టులు, 240కి చేసిన బల్బు మీద. మల్టీమీటర్‌లో 261, 262 మధ్య ఆడుతూ కనిపించింది. బ్యాంక్ స్విచ్ దించగానే 258 దగ్గరికి వచ్చింది. మిగతా ఎక్కువ 11 కేవీ వైపుది, అది ఈ లెక్కలోకి రాదు.

పరిష్కారం ఖరీదైనదేం కాదు. బ్యాంకును ముక్కలు చేసి పెద్ద మోటార్ల స్టార్టర్ల తర్వాత పెట్టించారు. మోటారు ఆగితే దాని కెపాసిటరూ ఆగుతుంది.

లెక్కలో 17 వోల్టులు పడాలి. ఫీల్డ్‌లో కొలిస్తే 30 పడుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ చెడిందా?

తొందరపడి అనకండి. రెగ్యులేషన్ నిర్వచనంలో ప్రైమరీ వోల్టేజ్ కదలకూడదు అనుకున్నాం. ఫీల్డ్‌లో అది కదులుతుంది. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ పడే వేళకే ఆ ఫీడర్ మీది మిగతా ట్రాన్స్‌ఫార్మర్ల మీదా పడుతుంది, 11 కేవీ కాస్తా 10.7కు దిగుతుంది. అదొక్కటే సెకండరీలో 12 వోల్టులు తీసుకుపోతుంది. 17, 12 కలిపితే 29. మీ 30 అక్కడే దొరికింది. సబ్‌స్టేషన్‌లో ఆ రెండు వేళల 11 కేవీ రీడింగ్ ఎంతో అడగండి. అది కూడా మీ లైన్ చివరి వోల్టేజ్ కాదు, కానీ దిశ తెలుస్తుంది.

రెండోది, మీటర్ ఎక్కడ పెట్టారు? ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ బుషింగుల దగ్గరా, లేక అర కిలోమీటరు దూరంలో మోటారు స్టార్టర్ దగ్గరా? స్టార్టర్ దగ్గరైతే మీరు కొలిచినదాంట్లో ఎల్‌టీ లైన్ డ్రాపే ఎక్కువ.

మూడోది, మూడు ఫేజుల్లో ఒక్కదాంట్లోనే ఎక్కువ పడుతోందా? అలాగైతే లోడ్ సమంగా లేదు, లేదా ఆ బుషింగ్ దగ్గర లగ్ వదులైంది. వదులు లగ్ అయితే సాయంత్రం టార్చి వేసి చూసినా తెలుస్తుంది: అక్కడి రంగు మారి, పక్క రెండింటికన్నా నల్లగా కనిపిస్తుంది. మన ఫార్ములా మూడు ఫేజులూ సమానంగా ఉన్నప్పటికి మాత్రమే. అసమానంగా ఉన్నప్పుడు దాన్ని వాడి ట్రాన్స్‌ఫార్మర్ మీద తీర్పు చెప్పకూడదు.